నల్లరేగడిలో ఇల్లు కొంటున్నారా? సాయిల్ రిపోర్టు పైల్స్ వేయమంటే, ఫుటింగుల మీద కట్టిన ఇంటిని తీసుకోకండి

గుంటూరు చుట్టుపక్కల, నిన్నమొన్నటిదాకా పత్తి, మిర్చి పండిన చేలలో లేచిన వెంచర్లలో ఇల్లు కొనాలనుకునేవారికి ఈ హెచ్చరిక. అలాంటి చోట మేము ఒక జీ ప్లస్ వన్ ఇల్లు కొన్నాం. కొనేటప్పుడు సాయిల్ రిపోర్టు, అంటే స్థలంలోని మట్టిని పరీక్షించి ఇచ్చే నివేదిక అడిగితే, ‘చేయించాం, నేల బ్రహ్మాండంగా ఉంది’ అన్నారు కానీ కాగితం చేతికి ఇవ్వలేదు. గోడలు పగిలాక గట్టిగా పట్టుబడితే బయటికి వచ్చిన ఆ రిపోర్టులో ఒక వాక్యం స్పష్టంగా ఉంది: అండర్ రీమ్డ్ పైల్స్ వేయాలి. పైల్ అంటే నేలలోకి లోతుగా దిగే కాంక్రీటు కంబం. బిల్డరు వేసింది మాత్రం అయిదడుగుల లోతున మామూలు ఫుటింగులు, అంటే ప్రతి స్తంభం కింద వెడల్పుగా పోసే కాంక్రీటు దిమ్మెలు. వివాదం నడుస్తోంది కనుక ఆయన పేరు రాయడం లేదు. ఆయన చెప్పిన లెక్క మాత్రం మీకూ ఎవరో ఒకరు చెబుతారు, అందుకే దాన్ని విప్పి చూపిస్తాను.

ఆ లెక్క ఇది. ‘ఈ నేల చదరపు మీటరుకు 12 టన్నులు మోస్తుంది. మీ స్తంభం మీద 25 టన్నుల బరువు పడుతుంది. దాని కింద 1.8 మీటర్లు పొడవు, అంతే వెడల్పు ఉన్న ఫుటింగు వేశాను. అంటే చదరపు మీటరుకు 8 టన్నులు కూడా పడదు. ఇల్లు కుంగే ప్రశ్నే లేదు. ఇక పైల్స్ ఎందుకు, డబ్బు దండగ.’ కూడికలు, భాగహారాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇల్లు కుంగలేదు కూడా. పైకి లేచింది.

నల్లరేగడిలో ఉండే బంకమన్ను నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. మే నెలలో చేలో కాలు దూరేంత నెర్రెలు ఇస్తుంది, తొలకరి పడగానే అవి మూసుకుపోతాయి. ఆ ఉబ్బడానికి ఎంత బలం ఉంటుందో రిపోర్టులో ‘స్వెల్లింగ్ ప్రెషర్’ అనే చోట రాస్తారు. మాకు వచ్చిన అంకె చదరపు మీటరుకు 15 టన్నులు. పైనుంచి ఇల్లు 8 టన్నులతో నొక్కుతుంటే కింద మట్టి 15 టన్నుల దాకా తోయగలదు. ప్రయోగశాలలో మట్టిని ఏమాత్రం ఉబ్బనివ్వకుండా బిగించి కొలిచిన అంకె కాబట్టి, స్థలంలో అంత బలమూ ప్రతిసారీ పనిచేయదు. కానీ కింది తోపు పైబరువును మించగలదని తేలాక, నేల ఎంత మోస్తుందన్న లెక్కతో పని తీరదు. ఇల్లు ఎంత తేలికైతే ఇక్కడ అంత ప్రమాదం. అందుకే ఇలాంటి చోట్ల ముందుగా పగిలేవి ప్రహరీ గోడలు, పోర్టికోలు. కొనే ముందు ఆ వీధిలోని పాత ప్రహరీలను ఎండాకాలంలో ఒకసారి చూసి రండి, చాలా తెలుస్తుంది.

ఇల్లంతా ఒకేలా లేచి ఒకేలా దిగితే ఇంత నష్టం ఉండదు. ఇంటి మధ్య భాగం కింద మట్టి ఎండకూ వానకూ దూరంగా ఉంటుంది, తేమ పెద్దగా మారదు. అంచుల్లోని మట్టి ఏటా నాని ఏటా ఎండుతుంది. పైగా మా ఇంట్లో సంపును ఒక మూల గోడకు ఆనించి కట్టారు, అది కారుతోంది. ఆ మూల ఒకరకంగా, ఎదుటి మూల ఇంకోరకంగా కదిలితే మధ్యలో నలిగేది గోడలే. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు పాకాయి. వానాకాలంలో పడకగది తలుపు పట్టేస్తుంది, ఎండాకాలంలో అదే తలుపు హాయిగా పడుతుంది. బిల్డరు మనుషులు వచ్చి పుట్టీ పెట్టి రంగు వేసి వెళ్లారు, మళ్లీ కాలం మారగానే అదే చోట విచ్చుకుంది. మీ ఇంట్లో పగులు ఉంటే దాని చివర పెన్సిలుతో గీత గీసి, తేదీ, వెడల్పు రాసుకోండి. కాలంతో పాటు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే ఉబ్బే మట్టిని అనుమానించాలి. మూసుకోకుండా ఒకే దిక్కుగా పెరుగుతుంటే కుంగుదలను అనుమానించాలి.

మరి పైల్స్ ఏం చేస్తాయి? మన నల్లరేగడి నేలల్లో తేమ మారే పొర సాధారణంగా మూడు, మూడున్నర మీటర్ల వరకు ఉంటుంది. అయిదడుగుల లోతు ఫుటింగు సరిగ్గా ఆ కదిలే పొర మధ్యలో కూర్చుంటుంది. పైల్ ఆ పొరను దాటి, దిగువన కదలని మట్టిలోకి వెళ్తుంది. అండర్ రీమ్డ్ పైల్‌కు అడుగున ఉల్లిగడ్డలా ఒక ఉబ్బు ఉంటుంది, దాన్నే బల్బు అంటారు. పైల్ నిలువు కాడ వ్యాసం 300 మిల్లీమీటర్లు ఉంటే బల్బు వ్యాసం దానికి రెండున్నర రెట్లు, అంటే 750 మిల్లీమీటర్లు ఉంటుంది. పై మట్టి ఉబ్బి కాడను పట్టుకుని పైకి లాగినా, కింద బల్బు కదలనివ్వదు. పైల్స్‌కు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 2911 మూడో భాగంలో ఇలాంటి 300 మిల్లీమీటర్ల వ్యాసం, మూడున్నర మీటర్ల పొడవు ఉన్న ఒంటి బల్బు పైల్‌కు మామూలు నేలల్లో 16 టన్నుల బరువు, 8 టన్నుల పైలాగుడు భద్రమని ఒక పట్టిక ఉంది. ఆ లెక్కన మా 25 టన్నుల స్తంభానికి రెండు పైల్స్ పట్టేవి. అసలు సంఖ్య రిపోర్టును బట్టి డిజైన్ చేసే ఇంజినీరు తేల్చాలి.

‘పైల్స్ వేశాం’ అన్న మాటతోనే సంతృప్తి పడకండి, మోసం జరిగేది అక్కడే. బల్బు తొలవడానికి వేరే పనిముట్టు కావాలి. అది లేనివాళ్లు నిట్టనిలువు గుంట తీసి కాంక్రీటు పోసి, పైల్ అంటారు. మూడున్నర మీటర్ల నిలువు గుంటకు సుమారు పావు ఘనపు మీటరు కాంక్రీటు చాలు. బల్బు ఉంటే 0.32 దాకా పడుతుంది, సిమెంటులో చూస్తే రెండు బస్తాలకూ రెండున్నరకూ ఉన్నంత తేడా. పోసే రోజు దగ్గరుండి గుంటకు ఎన్ని బస్తాలు పడ్డాయో లెక్క చూస్తే తెలిసిపోతుంది. లోపలి ఇనుము కూడా పైనుంచి అడుగు దాకా ఉండాలి. పైకి లాగే బలాన్ని కాంక్రీటు ఒక్కటే తట్టుకోలేదు.

ఇంకో మెలిక ప్లింత్ బీము, అంటే గోడల కింద పైల్స్‌ను కలుపుతూ అడ్డంగా పోసే కాంక్రీటు దూలం. పైల్స్ చక్కగా వేసి, బీమును నేరుగా నల్లమట్టి మీద పోస్తే, ఉబ్బిన మట్టి ఆ బీమునే కింది నుంచి తోస్తుంది. బీముకూ మట్టికీ మధ్య 80 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా ఖాళీ వదలాలి. ఇల్లు పూర్తయ్యాక ఇవేవీ కంటికి కనిపించవు కాబట్టి, కట్టిన ఇల్లు కొనేవారు పునాది పనుల ఫోటోలు, స్ట్రక్చరల్ డ్రాయింగులు అడిగి, వాటిని సాయిల్ రిపోర్టుతో పోల్చి చూపించమని ఒక ఇంజినీరుకు రుసుము ఇచ్చి అడగండి.

ప్రతి నల్లరేగడి స్థలానికీ పైల్స్ అక్కరలేదు. నల్లమట్టి మూడు, నాలుగు అడుగులే ఉండి కింద గట్టి మొరం తగిలితే, మట్టి తీసేసి మొరం మీదే ఫుటింగు వేస్తారు, అది సరైన పనే. అందుకే రిపోర్టు చివరి సిఫార్సు ఒక్కటే చదవకుండా బోరు వివరాల్లో నల్లమట్టి ఎంత లోతు దాకా ఉందో చూడండి. మా స్థలంలో అది మూడు మీటర్లు దాటింది. బిల్డరు తన ఇంకో స్థలంలో మొరం తగిలిన అనుభవం ఇక్కడికి తెచ్చి, ‘అక్కడ ఫుటింగులే వేశాం, ఏమీ కాలేదు’ అంటున్నారు.

ఇప్పటికే కొన్నవారికి ఒక మాట. ఇళ్ల కొనుగోలుదారులకు రక్షణ ఇచ్చే రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం గురించి మీరు తెలియజేస్తే, ప్రమోటరు, అంటే ఇల్లు కట్టి అమ్మిన బిల్డరు, 30 రోజుల్లో అదనపు డబ్బు తీసుకోకుండా సరిచేయాలి. పుట్టీ పెట్టడం సరిచేయడం కిందికి రాదని వాదించాలంటే పగుళ్ల తేదీల చిట్టా, ఆ సాయిల్ రిపోర్టు ప్రతి రెండూ మీ దగ్గర ఉండాలి. ఫోనులో కాకుండా లిఖితపూర్వకంగానే తెలియజేయండి.