పిల్లి కిటికీ ఊయల: కొన్న 14 నెలలకు

కొన్న రెండో వారంలోనే దీన్ని తెగ మెచ్చుకుంటూ రాశాను. ఆ మాటల్లో కొన్నింటిని ఇప్పుడు సవరించాలి. కిటికీ అద్దానికి నాలుగు రబ్బరు కప్పులు అతికించి, వాటి ఆధారంతో గుడ్డ పరుపు వేలాడదీసే రకం ఇది.

మాది కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తు. మిరియం నల్లటి పిల్లి, మూడేళ్లది, నాలుగు కిలోలుంటుంది. ఊయల రాకముందు పగలంతా సోఫా కింద పడుకుని, తెల్లవారుజామున నాలుగింటికి నా కాళ్లు కొరికి లేపేది. కట్టిన మొదటి సాయంత్రమే ఊయలెక్కి కూర్చుంది. ఎదురింటి పిట్టగోడ మీద పావురం వాలగానే ఒళ్లు బిగించి, దవడ టకటకలాడిస్తూ సన్నగా కిచకిచలాడింది. అంతకుముందు దాని గొంతులో ఆ శబ్దం ఎప్పుడూ వినలేదు. నా సంతోషం నిజమే, కానీ అది డిసెంబరు మాట.

మే నెలలో ఒక రోజు సాయంత్రం నాలుగింటికి వంటింట్లో ఉండగా దబ్బుమని చప్పుడైంది. వెళ్లి చూస్తే ఊయల నేల మీద ఉంది, మిరియం బీరువా వెనక నక్కింది. పడింది నాలుగడుగుల ఎత్తు నుంచే. నడక బాగానే ఉంది, కాళ్లు తడిమితే మూలగలేదు, రాత్రి అన్నం తింది. కానీ మూడు వారాల పాటు ఆ కిటికీ వైపు కన్నెత్తి చూడలేదు. అది నన్ను చాలా బాధపెట్టింది.

ఊడిన కప్పుల్ని చేత్తో పట్టుకుంటే తెలిసింది. మాది పడమటి కిటికీ. ఎండకు అద్దం కాలిపోతుంటే కప్పులు మెత్తబడి, అంచులు వంకరపోయాయి. మా బోరు నీళ్ల వల్ల అద్దం మీద తెల్లటి మరకలు కూడా ఉన్నాయి. కప్పు లోపలి గాలిని బయటికి నెట్టేశాం కాబట్టే అది అద్దాన్ని పట్టుకుంటుంది. అంచు వంకరైనా, కింద మరకో దుమ్మో ఉన్నా గాలి కొద్దికొద్దిగా లోపలికి చేరుతుంది. పైకి అతుక్కున్నట్టే కనిపిస్తుంది, పిల్లి దూకిన రోజున ఊడుతుంది. పిల్లి ఊరికే కూర్చున్నప్పటి బరువు వేరు, దూకినప్పుడు పడే బరువు వేరు. డబ్బా మీద రాసిన కిలోల లెక్క చూసి నేను దాన్ని మర్చిపోయాను.

కప్పుల్ని వేడినీళ్లలో నానబెడితే ఆకారం తిరిగి వచ్చింది. అయినా మళ్లీ కట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. వడ్రంగిని పిలిచి, కిటికీ కింద గోడకు రెండు ఎల్ బ్రాకెట్లు బిగించి, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ప్లైవుడ్ చెక్క వేయించాను. జారకుండా దాని మీద గోనెపట్టా కొట్టించాను. మధ్యలో ఒక స్టూలు వేశాను. ఇప్పుడు ఒక్క దూకులో ఎక్కక్కర్లేదు, దిగక్కర్లేదు.

మిరియాన్ని మళ్లీ ఎక్కించింది మాత్రం చెక్క కాదు, ఆట. రోజూ రాత్రి తొమ్మిదింటికి, అన్నం పెట్టే ముందు పది నిమిషాలు దారంతో ఈకలు కట్టిన కర్ర తిప్పేదాన్ని. ఈకల్ని మొహం మీదకి ఊపితే దానికి చిరాకు. దూరంగా పాకించి, కుర్చీ కాలు వెనక దాచి, ఒక్క క్షణం కదలకుండా ఆపితే వెనకభాగం అటూ ఇటూ ఊపి ఒక్క ఉదుటున దూకేది. మూడు నాలుగు సార్లకొకసారి దొరకనిచ్చేదాన్ని. చివర్లో కాసేపు నోట్లోనే ఉంచుకోనిచ్చి, వెంటనే గిన్నె పెట్టేదాన్ని. రోజుకింత చొప్పున ఆటను కిటికీ దగ్గరికి జరిపి, స్టూలు మీదికి, తర్వాత చెక్క మీదికి తెచ్చాను. రెండో వారం చివర ఈకల వెంటే చెక్క ఎక్కింది. గిన్నె కూడా అక్కడే పెట్టాను.

తెల్లవారుజాము గోల నిజంగా తగ్గింది అప్పటినుంచే. మొదట్లో ఆ గొప్ప ఊయలదే అనుకున్నాను. పావురాల్ని చూడటంలో వేట మొదలవుతుంది గానీ, పట్టడం, తినడం ఉండవు కదా. ఆటయ్యాక కర్రను బీరువాలో పెట్టేస్తాను. పిల్లి దారం మింగితే పేగులు ముడుచుకుపోయి ఆపరేషన్ దాకా రావచ్చు.

కొనొచ్చా అంటే, మీ కిటికీ ఉత్తరం వైపుండి, పిల్లి తేలికైనదై, వారానికోసారి కప్పులు తీసి అద్దం తుడిచి మళ్లీ అతికించే ఓపిక ఉంటే కొనండి. కొత్తగా అతికించినప్పుడల్లా పిల్లికంటే ముందు మీ చేత్తో గట్టిగా నొక్కి చూడండి. మాది సొంత ఫ్లాట్ కాబట్టి గోడకు కన్నాలు పెట్టగలిగాను. అద్దింట్లో ఉన్నవాళ్లకు కిటికీ పక్కన పొట్టి అల్మరా, దాని ముందు స్టూలు నయం. కిటికీ తలుపు తెరిచి ఉంచేట్టయితే దోమల నైలాన్ మెష్‌ను నమ్మకండి, గోళ్లకు చిరిగిపోతుంది. మాకు లోపల ఇనుప జాలీ ఉంది.