ఎఫ్‌డీ మీద తీసుకున్న క్రెడిట్ కార్డు: రెండేళ్లు దాటాక నా మాట

ఒడిశాలోని రాయగడలో నాకు బ్లౌజులు, డ్రెస్సులు కుట్టే షాపు ఉంది. లైనింగ్ గుడ్డ, దారాలు, హుక్కులు విజయనగరం నుంచి తెప్పిస్తాను. అవసరానికి నగలు కుదువ పెడితే అది ఊళ్ళో షావుకారు దగ్గరే, విడిపించుకోవడమూ అక్కడే. ఆ లెక్క ఏ బ్యాంకు పుస్తకంలోకీ ఎక్కదు. అందుకే మోటారు మిషన్లు కొనడానికి లోన్ అడిగితే, "అమ్మా, మీ పేరు మీద ఏ రికార్డూ లేదు" అన్నారు. సిబిల్ రిపోర్టు తీయించి చూస్తే స్కోరు ఉండాల్సిన చోట NH అని ఉంది. అంటే చరిత్ర లేదని. మంచిదని కాదు, చెడ్డదనీ కాదు. మనం అప్పు తీరుస్తామో లేదో చెప్పడానికి వాళ్ళ దగ్గర ఒక్క కాగితమూ లేదు.

ఈ స్థితిలో ఉన్నవాళ్ళకి మామూలు క్రెడిట్ కార్డు ఇవ్వరు. ఫిక్స్‌డ్ డిపాజిట్ చూపిస్తే మాత్రం దాని మీద కార్డు ఇస్తారు. జీతం చీటీ, ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ అడగరు. రెండేళ్ళు దాటి వాడాను కాబట్టి నా అభిప్రాయం ముందే చెబుతాను: మొదటి మెట్టుగా ఇది పనిచేస్తుంది. కానీ ఎఫ్‌డీ ఉంది కదా అని ధీమాగా ఉంటే లేని చరిత్ర బదులు చెడ్డ చరిత్ర చేతికొస్తుంది.

నేను 25,000 రూపాయలు ఎఫ్‌డీ వేశాను, వడ్డీ 7 శాతం. దాని మీద 20,000 లిమిట్‌తో కార్డు వచ్చింది. బ్యాంకును బట్టి డిపాజిట్‌లో 75 నుంచి 100 శాతం దాకా లిమిట్ ఇస్తారు. ఎఫ్‌డీ మీద లీన్ మార్క్ చేస్తారు, అంటే కార్డు నడిచినన్నాళ్ళూ ఆ డబ్బు మనం తీసుకోలేం. వడ్డీ మాత్రం మామూలుగానే పడుతుంది. ఎఫ్‌డీ మన ఒక్కరి పేరు మీదే ఉంటే పని తేలిక. పన్ను మినహాయింపు కోసం వేసే ఐదేళ్ళ ఎఫ్‌డీని తాకట్టు పెట్టడం కుదరదు, కాబట్టి అది దీనికి పనికిరాదు. ఇంట్లో అత్యవసరానికి దాచిన డబ్బంతా ఇందులో పెట్టొద్దని గట్టిగా చెబుతాను. ఆస్పత్రి ఖర్చు వచ్చిన రోజున కార్డు బాకీ తీర్చి, కార్డు మూయించి, లీన్ తీయించాకే ఆ డబ్బు చేతికొస్తుంది.

కార్డు వచ్చింది, వాడాను, బిల్లులు కట్టాను. నెలలు గడిచినా రిపోర్టులో మాత్రం NH పోలేదు. మామూలుగా ఆరు నెలల లావాదేవీలు ఉంటే స్కోరు వస్తుంది. కారణం పేరులో ఉందని తర్వాత తేలింది. నా పాన్ కార్డు మీద పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. బ్యాంకు ఖాతాలో అత్తింటి ఇంటిపేరు, అదీ ఒక్క అక్షరంగా ఉంది. కార్డు వివరాలు ఎక్కించినప్పుడు ఆ బ్యాంకు వాళ్ళు పాన్ నంబరులో ఒక అక్షరం కూడా తప్పు కొట్టారు. దాంతో నా కార్డు నా రిపోర్టులోకి రాకుండా విడిగా పడి ఉంది. మన తెలుగు ఆడవాళ్ళకి, అందులోనూ పెళ్ళయి సరిహద్దు ఇటువైపు వచ్చి ఆధార్‌లో అడ్రసు మార్చుకున్నవాళ్ళకి, ఈ ఇబ్బంది రావడం ఆశ్చర్యం కాదు.

అందుకే కార్డు వచ్చిన రెండు మూడు నెలలకే రిపోర్టు తీసి చూడమంటాను. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ బ్యూరోలూ విడివిడిగా ఇవ్వాలి. అందులో Secured Credit Card అనే ఖాతా కనిపించాలి. లేకపోతే బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, పాన్, ఆధార్ జిరాక్సులు జతచేసి, అందినట్టు సంతకం తీసుకోవాలి. బ్యూరో వెబ్‌సైటులో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆపై రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని నియమం. నాది గడువులోపే సరిచేశారు, తర్వాత కొద్ది వారాలకే 742 స్కోరు కనిపించింది.

ఇక అసలు విషయం, చిన్న లిమిట్‌తో బతకడం. నా బిల్లు 18వ తేదీన వస్తుంది, కట్టడానికి గడువు వచ్చే నెల 6. మొదటి ఏడాది దసరాకి ముందు మజ్జిగౌరి గుడి చుట్టుపక్కల వీధుల నుంచే ఆర్డర్లు ఊపిరాడనంతగా వచ్చాయి. లైనింగ్, దారాలు అన్నీ కార్డు మీదే కొన్నాను. బిల్లు 15,500 వచ్చింది. గడువు కంటే ముందే మొత్తం కట్టేశాను, పైసా వడ్డీ పడలేదు. అయినా స్కోరు 742 నుంచి 718కి దిగింది. చాలా టెన్షన్ పడ్డాను. ఆలస్యం లేదు, బాకీ లేదు, మరి ఎందుకు తగ్గింది?

20,000 లిమిట్‌లో 15,500 అంటే 78 శాతం దాకా వాడినట్టు. బ్యూరోకి వెళ్ళేది ఆ బాకీ అంకె. తర్వాత మనం కట్టేశామన్న సంగతి వచ్చే అప్‌డేట్‌లో గానీ చేరదు. లిమిట్‌లో ఎక్కువ భాగం వాడేసేవాళ్ళు చేతిలో డబ్బు లేక అప్పు మీద నడుస్తున్నారని స్కోరు లెక్క అనుకుంటుంది. లక్ష లిమిట్ ఉన్నవాళ్ళకి 15,500 చిన్న మొత్తం, నాకు అదే పెద్ద మొత్తం. ఎఫ్‌డీ కార్డు తీసుకునేవాళ్ళందరికీ లిమిట్ చిన్నదే కాబట్టి ఈ చిక్కు వాళ్ళకే ఎక్కువ.

తర్వాతి ఏడాది దసరాకి అంతే సరుకు కొన్నాను. కానీ 16వ తేదీ లోపే యాప్‌లో 11,000 కట్టేశాను. బిల్లు 4,500 మాత్రమే వచ్చింది, లిమిట్‌లో 23 శాతం కూడా లేదు. ఈసారి స్కోరు కదల్లేదు. ఖర్చు అదే, కట్టిన డబ్బూ అదే, కట్టిన తేదీ మాత్రమే మారింది. 30 శాతం లోపు ఉంటే మంచిదని అందరూ చెప్పే మాట నా కార్డు విషయంలో 6,000 అన్నమాట. బ్యాంకులు నెలకోసారి కాకుండా పదిహేను రోజులకోసారి వివరాలు పంపాలని 2025 జనవరిలో నియమం వచ్చింది. ఏ రోజు బాకీ పంపుతారన్నది బ్యాంకును బట్టి ఉంటుంది. కాబట్టి ఇప్పుడు పెద్ద కొనుగోలు చేసిన వారంలోనే సగానికి పైగా కట్టేస్తున్నాను.

వాడకం విషయంలో ఒక మాట. మా ఊళ్ళో చాలా షాపుల్లో కార్డు గీకే మిషన్ ఉండదు. నాది రూపే కార్డు కాబట్టి యూపీఐకి కలుపుకొని క్యూఆర్ స్కాన్ చేసి కడుతున్నాను. అయితే అది వ్యాపారి క్యూఆర్ అయి ఉండాలి. కూరగాయల ఆమె సొంత నంబరు క్యూఆర్‌కి కార్డు నుంచి డబ్బు పోదు. కార్డు తీసుకునే ముందే రూపేనా కాదా అని అడగడం మంచిది.

ఆటో పే పెట్టుకునేటప్పుడు ఫారంలో ఒక గడి చూడాలి. Total Amount Due అనా, Minimum Amount Due అనా? నా ఫారంలో రెండోదానికి టిక్ పెట్టి ఇచ్చారు. అడిగి మార్పించాను. మినిమం అంటే బిల్లులో 5 శాతం అనుకోండి. 6,000 బిల్లుకి 300 కడితే మిగిలిన 5,700 మీద నెలకి 3.5 శాతం వడ్డీ సుమారు 200, దాని మీద 18 శాతం జీఎస్‌టీ ఇంకో 36. పైగా ఆ నెల కొత్తగా కొన్న వాటికి కూడా వడ్డీ లేని గడువు పోతుంది. నా 25,000 ఎఫ్‌డీ మీద నెలకి వచ్చే వడ్డీ 146 రూపాయలు. ఒక్క నెల బాకీ సాగదీస్తే అది పోయి ఇంకా చేతి డబ్బు పోతుంది. కార్డు మీద ఏటీఎంలో డబ్బు తీస్తే ఇంకా ఘోరం, ఫీజు వేరే, వడ్డీ ఆ రోజు నుంచే.

మా ఆడపడుచు కొడుకు నన్ను చూసి 15,000 ఎఫ్‌డీ మీద కార్డు తీసుకున్నాడు. మొబైల్ సామాను కొని కొన్ని నెలలు కట్టలేదు. అడిగితే, "అత్తా, ఎఫ్‌డీ వాళ్ళ దగ్గరే ఉంది కదా, కట్టకపోతే దాంట్లోంచి తీసుకుంటారులే" అన్నాడు. తీసుకున్నారు, నిజమే. ఎఫ్‌డీ మూసి బాకీ, వడ్డీ, ఆలస్య రుసుములు మినహాయించి మిగిలింది ఖాతాలో వేశారు. కానీ అప్పటికే రిపోర్టులో DPD అన్న వరుసలో 000 ఉండాల్సిన చోట 30, 60 పడ్డాయి. అంటే గడువు దాటిన రోజుల లెక్క. ఆ వరుస 36 నెలల పాటు కనిపిస్తుంది. బైక్ ఫైనాన్స్‌కి వెళ్ళినప్పుడు వాళ్ళు ఆ అంకెలే చూసి వద్దన్నారు. బ్యాంకుకి ఎఫ్‌డీ వల్ల ఒక్క రూపాయి నష్టం రాలేదు, అతనికి మాత్రం మూడేళ్ళు పోయాయి. ఆ పిల్లాడికి ఎవరైనా ముందే ఈ సంగతి విడమరిచి చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే భయపడక్కర్లేదు. గడువు దాటి మూడు రోజులు మించాకే ఆలస్య రుసుము వేయాలి, బ్యూరోకి చెప్పాలి అన్నది రిజర్వు బ్యాంకు నియమం.

నాకు ఏం ఒరిగింది? స్కోరు 760 దాటాక మిషన్ల లోన్‌కి మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఫైల్ తీసుకున్నారు. అయితే స్కోరు చూసి వెంటనే ఇచ్చేయలేదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, షాపు ఖాతా స్టేట్‌మెంట్లు అడిగారు, అడిగినదాని కంటే తక్కువే మంజూరు చేశారు. ఒక్క కార్డు మీద కట్టిన చరిత్ర తలుపు తీయిస్తుంది, ఆదాయం చూపించాల్సిన పని అలాగే ఉంటుంది. నెలనెలా ఆదాయం బ్యాంకులో కనిపించనివాళ్ళు కార్డుతో పాటే రోజు వసూళ్ళు ఖాతాలో వేయడం కూడా మొదలుపెట్టాలి.

ఇప్పుడు బ్యాంకు వాళ్ళు ఎఫ్‌డీ లేని కార్డు ఇస్తామంటున్నారు. అది చేతికొచ్చి కొన్ని నెలలు నడిచేదాకా పాతదాన్ని మూయను, ఎందుకంటే నా పేరు మీద ఉన్న పాత ఖాతా అదొక్కటే. మూసే రోజున బాకీ సున్నా చేసి రాతపూర్వకంగా అడుగుతాను. ఏడు పనిదినాల్లో మూయాలి, దాటితే రోజుకి 500 రూపాయలు వాళ్ళే ఇవ్వాలి. కార్డు మూశాక ఎఫ్‌డీ మీద లీన్ తీసేశారో లేదో రసీదులో విడిగా చూసుకోవాలి, ఆ రెండు పనులూ బ్యాంకులో వేర్వేరు బల్లల దగ్గర జరుగుతాయి.