పిల్లులతో పెరిగిన కుక్క అంటే నమ్మకండి: విశాఖలో కుక్కలు కొనేవారికి హెచ్చరిక

మధురవాడ వైపు కుక్కలు అమ్మే ఆయన గురించి ఇది. కొన్నవారికి ఎవరో అర్థమవుతుంది కాబట్టి పేరు రాయడం లేదు. మూడేళ్ల ముధోల్ జాతి కుక్క, పద్దెనిమిది వేలు. ఇంట్లో పిల్లి ఉందని మూడుసార్లు చెప్పాను. ‘పిల్లుల మధ్యనే పెరిగింది అమ్మా, ఏ భయమూ వద్దు’ అన్నాడు. నిన్న ఉదయం సీతమ్మధారలోని మా ఇంటికి తానే తీసుకొచ్చాడు.

మా పిల్లి చిన్ని సోఫా మీద ఉంది. కుక్కను వేరే గదిలో పెడదామన్నాను. ‘పది నిమిషాలు ఒకేచోట వదిలితే అవే సర్దుకుంటాయి’ అంటూ గొలుసు తీసేశాడు.

కుక్క మొరగలేదు, గుర్రుమనలేదు. నోరు మూసుకుని, చెవులు ముందుకు నిక్కించి, ముందు కాలు ఒకటి గాల్లోకి ఎత్తి, రెప్ప వేయకుండా చిన్ని వైపే చూస్తూ బిగుసుకుపోయింది. పేరు పెట్టి పిలిచాను. చెవి కూడా కదల్లేదు. ముక్కు దగ్గర బిస్కెట్ పెట్టినా వాసన చూడలేదు. అప్పుడు అతనన్న మాట నా చెవుల్లో ఇంకా మోగుతోంది: ‘చూశారా, ఎంత నెమ్మదిగా ఉందో!’

అది నెమ్మది కాదు. వేటకు పొంచి ఉండటం. పరిచయం చేసుకోవాలనుకునే కుక్క ఒళ్లు వదులుగా ఉంటుంది, మధ్యమధ్యలో చూపు తిప్పుకుంటుంది, పిలిస్తే మన వైపు చూస్తుంది, ఆడుకోవాలంటే ముందు కాళ్లు చాపి వంగుతుంది. ఇరవై ఏళ్లుగా కుక్కలు అమ్ముతున్నానని చెప్పుకునే మనిషికి ఈ తేడా తెలియదా? తెలిసే అన్నాడని నా నమ్మకం.

చిన్ని భయపడి వంటింటి వైపు దూకింది. రెండు అంగల్లో కుక్క పట్టేసి, నోట కరచుకుని విదిలించింది. ముధోల్ కంటిచూపుతో వేటాడే జాతి. పరుగెత్తే చిన్న ప్రాణి కనపడితే చాలు, ఇక ఏ పిలుపూ దానికి వినిపించదు. దుప్పటి విసిరి ఎలాగో విడిపించాను. ఆ మనిషి గుమ్మం దగ్గర నిలబడి చూశాడు.

పైకి కనిపించినవి పక్కటెముకల దగ్గర రెండు చిన్న రంధ్రాలే. రక్తం కూడా పెద్దగా లేదు. పసుపు అద్ది ఊరుకునేదాన్నేమో కానీ చిన్ని నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. పిల్లి అలా రొప్పితే క్షణం ఆగకూడదు. పశువైద్యుడు నా వేలు పట్టుకుని దాని వీపు మీద నొక్కించారు. చర్మం కింద మరమరాలు నలిగినట్టు చిటపటలాడింది. అక్కడ గాలి చేరిందట. కోర చేసిన రంధ్రం చిన్నదే, కానీ విదిలించడంతో లోపల కండ చిరిగిపోయింది. ప్రాణాపాయం ఉందో లేదో ఇంకా చెప్పలేమన్నారు. విడిపించేటప్పుడు చిన్ని నా చేయి గీరింది. సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కుని రేబిస్ టీకా మొదలుపెట్టాను. మీరూ ఇది వదిలేయకండి.

సాయంత్రం ఫోను చేస్తే అతని జవాబు: ‘పిల్లి పరుగెత్తితే కుక్క తరమదా అమ్మా? మీరే పట్టుకోవాల్సింది.’ డబ్బు మాట ఎత్తగానే ఫోను పెట్టేశాడు.

తప్పు నాది కూడా. చూడటానికి వెళ్లిన రోజు గోడ మీద ఉడుతను ఆ కుక్క సరిగ్గా ఇలాగే చూసింది. పిలిస్తే తిరగలేదు. చురుకైన కుక్క అని మురిసిపోయాను. ఆ ఉడుతే నాకు అంతా చెప్పింది, నేను వినలేదు.

కొనేవారు అమ్మకందారు మాట మీద కాకుండా, గొలుసు మీద ఉన్న కుక్కకు దూరం నుంచి పిల్లినో కోడినో చూపించి, పిలిస్తే తిరుగుతుందో లేదో చూడండి. తిరిగితేనే ఇంటికి తెచ్చుకోండి. తెచ్చాక కూడా వేర్వేరు గదులు. ఒకదాని పడక గుడ్డ ఇంకొకదానికి ఇచ్చి వాసన అలవాటు చేయండి. మూసిన తలుపుకు చెరో వైపు అన్నం పెట్టండి. రెండూ నిబ్బరంగా తింటున్నాకే జాలీ తలుపు మధ్యలో ఉంచి, గొలుసుతో, దూరం నుంచి చూపించండి. కుక్క చూపు తిప్పుకున్న ప్రతిసారీ ముక్క పెట్టండి. బిగుసుకుంటే వెంటనే వెనక్కి తీసుకెళ్లండి. వారాలు పడుతుంది, నెలలూ పట్టవచ్చు. పిల్లికి ఎక్కి దాక్కునే ఎత్తైన చోటు ఉండాలి. మనం లేనప్పుడు రెండింటినీ కలిపి వదలకూడదు. కొన్ని కుక్కలకు ఎన్నాళ్లయినా ఇది సాధ్యం కాదు, మా ఇంటికొచ్చినది అలాంటిదేనని వైద్యుడి అభిప్రాయం.

కుక్క మీద నాకు కోపం లేదు. వెనక గదిలో ఉంది, పిల్లులు లేని ఇల్లు వెతుకుతున్నాను. ఇది రాస్తుండగా కిటికీ చువ్వల మీద పావురం వాలింది. మళ్లీ అదే చూపు, అదే ఎత్తిన కాలు.