40 ఎంబీపీఎస్ ఇంట్లో 4కె: రెండేళ్లు వాడాక తేలింది

హైదరాబాద్ చైతన్యపురిలో మా ఫ్లాటుకు ఫైబర్ వచ్చి రెండేళ్లు దాటింది. ప్లాన్ 40 ఎంబీపీఎస్. ఇంట్లో ఐదుగురం, హాల్లో ఒక 4కె టీవీ, తలా ఒక ఫోను, మా ఆవిడకు ఆఫీసు లాప్‌టాప్, మావాడికి గేములాడే కంప్యూటరు. మధ్యలో కొన్నాళ్లు 100 ప్లానుకు మారి మళ్లీ 40కే వచ్చేశాం. ఎందుకు వచ్చామో చెప్పాలంటే ముందు ఏ బొమ్మకు ఎంత కావాలో చూడాలి.

మామూలు నాణ్యత, అంటే 480p, దీనికి యూట్యూబ్ అడిగేది 1.1 ఎంబీపీఎస్. అమ్మ ఫోన్లో చూసే సీరియల్‌కు ఒకటిన్నర ఇస్తే హాయిగా నడుస్తుంది. హెచ్‌డీలో నెట్‌ఫ్లిక్స్ 720pకి 3, 1080pకి 5 ఎంబీపీఎస్ ఉండాలంటుంది. 4కెకి నెట్‌ఫ్లిక్స్ 15 అంటే, యూట్యూబ్ 20 అంటుంది. ఈ తేడా ఎవరో ఎక్కువ చేసి చెప్పడం వల్ల వచ్చింది కాదు. ఒకే 4కె బొమ్మను కొత్త కోడెక్‌లో, అంటే వీడియోను కుదించే కొత్త పద్ధతిలో, కుదిస్తే తక్కువ డేటాలో సరిపోతుంది, పాతదాంట్లో ఎక్కువ పడుతుంది. వార్తలు చదివే మనిషి వెనక గోడ కదలదు కాబట్టి పెద్దగా పంపాల్సింది ఉండదు. సెకనుకు 60 ఫ్రేముల క్రికెట్‌లో కెమెరా బంతి వెంట పరిగెడుతుంటే పచ్చగడ్డి మొత్తం ప్రతి ఫ్రేములోనూ మారిపోతుంది.

గంటకు ఎంత డేటా అన్నది చూసినా లెక్క కలుస్తుంది. నెట్‌ఫ్లిక్స్ చెప్పే ప్రకారం 4కెలో గంటకు 7 జీబీ వరకు పోతుంది. 7 జీబీని బిట్లలోకి మార్చి 3600 సెకన్లతో భాగిస్తే 15.5 ఎంబీపీఎస్ చిల్లర వస్తుంది. ఫైబర్ పోయినప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ మీద టీవీ పెట్టేవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకుంటే మంచిది. రోజుకు 2 జీబీ ప్యాకు 4కెలో పదిహేడు నిమిషాల్లో అయిపోతుంది.

ఇప్పుడు మా ఇంటి శనివారం సాయంత్రం. హాల్లో 4కె సినిమాకు 15, అమ్మ సీరియల్‌కు ఒకటిన్నర, మా ఆవిడ అమెరికా వాళ్లతో మాట్లాడే వీడియో కాల్‌కు ఓ మూడు. మొత్తం ఇరవై దాటదు. 40లో సగం ఖాళీ. అయినా సినిమా మధ్యలో బొమ్మ ఉన్నట్టుండి అలుక్కుపోయేది. మొహాల మీద గళ్లు గళ్లు, చీకటి సీన్లలో నలుపంతా మెట్లుమెట్లుగా. చాలాసార్లు గమనిస్తే అది మావాడు గేము అప్‌డేట్ పెట్టినప్పుడే. "డాడీ, జస్ట్ డౌన్‌లోడే కదా, నేను ఆడట్లేదు కూడా" అనేవాడు. వాడి దృష్టిలో ఆట ఆడితేనే నెట్ వాడినట్టు. నిజానికి ఆన్‌లైన్ ఆట చాలా తక్కువ డేటా తింటుంది, తినేది ఆ డౌన్‌లోడే.

ఇక్కడే పంపకం ఎలా జరుగుతుందో తెలియాలి. లైను నిండిపోయినప్పుడు మామూలు రౌటర్ మనుషులను లెక్కపెట్టి సమానంగా పంచదు. ఎవరి ప్యాకెట్లు ఎన్ని వరసలో ఉంటే వాళ్లకు అంత వెళ్తుంది, కాబట్టి వాటా సుమారుగా కనెక్షన్ల లెక్కన పడుతుంది. గేము డౌన్‌లోడర్ ఒకేసారి చాలా కనెక్షన్లు తెరుస్తుంది, ఎనిమిది అనుకుందాం. టీవీ యాప్ వీడియో కోసం ఒకటి తెరిచింది. మొత్తం తొమ్మిది. 40ని తొమ్మిదితో భాగిస్తే టీవీకి మిగిలేది నాలుగున్నర కూడా కాదు. మున్సిపల్ నీళ్లు వదిలినప్పుడు లైనుకు నేరుగా మోటారు బిగించిన ఇంట్లో సంపు నిండుతుంది, పక్కింటి కుళాయికి సన్నటి ధార వస్తుంది. అదే వ్యవహారం.

టీవీ ఓడిపోవడానికి ఇంకో కారణం ఉంది, అది నాకు చాలా ఆసక్తిగా అనిపించింది. వీడియో ఒక్క ధారగా రాదు. కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి ఉంటుంది, ప్రతి ముక్కా వేర్వేరు నాణ్యతల్లో సర్వర్‌లో సిద్ధంగా ఉంటుంది. నాలుగు సెకన్ల ముక్క అనుకుంటే, 15 ఎంబీపీఎస్ 4కెలో అది 60 మెగాబిట్లు. లైను ఖాళీగా ఉంటే 40 వేగంతో ఒకటిన్నర సెకన్లలో దిగిపోతుంది. బఫర్, అంటే ముందే తెచ్చిపెట్టుకున్న బొమ్మ, నిండుగా ఉంటే యాప్ రెండున్నర సెకన్లు ఊరుకుని, తర్వాతి ముక్క అడుగుతుంది. ఆ ఊరుకున్న సమయంలో డౌన్‌లోడర్ లైనంతా ఆక్రమిస్తుంది. టీవీ మళ్లీ అడిగేసరికి తన చోటు కోసం మొదట్నుంచి తోసుకోవాలి. ముక్క చిన్నది కావడంతో వేగం పుంజుకునేలోపే అది అయిపోతుంది, యాప్ ఆ తక్కువ వేగాన్నే కొలిచి "మన నెట్ ఇంతే" అని నిర్ణయించుకుంటుంది. నాలుగున్నర వేగంలో అదే 60 మెగాబిట్ల ముక్క రావడానికి పదమూడు సెకన్లు పైనే పడుతుంది. నాలుగు సెకన్ల బొమ్మ కోసం పదమూడు సెకన్లు ఆగితే బఫర్ ఖాళీ కాక ఏమవుతుంది? గిర్రున తిరిగే చక్రం చూపించడం కంటే నాణ్యత దించడం మేలని యాప్ 720pకి దిగుతుంది. 1080pకి 5 కావాలి, చేతిలో నాలుగున్నరే, కాస్త జాగ్రత్త కూడా పాటిస్తుంది.

అందుకే 100 ప్లాను మమ్మల్ని పూర్తిగా ఆదుకోలేదు. వందను తొమ్మిదితో భాగిస్తే పదకొండు. అప్‌డేట్ త్వరగా ముగిసేది, అది నిజమే. కానీ నడుస్తున్నంతసేపూ 4కె నిలిచేది కాదు, 1080p దగ్గర ఆగేది. మళ్లీ 40కి వచ్చి డౌన్‌లోడర్ సెట్టింగ్స్‌లో వేగానికి 15 ఎంబీపీఎస్ పరిమితి పెట్టాం. 15 వాడికి, 15 సినిమాకు, నాలుగున్నర మిగతా ఇద్దరికి; లైను నిండదు, వరస కట్టదు, టీవీ అడిగినప్పుడల్లా ముక్క వెంటనే వస్తుంది. ఒక్క విషయం చూసుకోవాలి: కొన్నిచోట్ల ఆ పరిమితిని బైట్లలో అడుగుతారు. అప్పుడు 8తో భాగించాలి, 15 ఎంబీపీఎస్ అంటే సెకనుకు సుమారు 1.9 ఎంబీ. అక్కడ 15 అని కొడితే 120 ఎంబీపీఎస్ ఇచ్చినట్టే, పరిమితి లేనట్టే. రౌటర్‌లో ఒక్కో పరికరానికి వేగం కట్టే వసతి ఉంటే అక్కడ పెట్టడం ఇంకా నయం. ఆపరేటర్లు ఇచ్చే రౌటర్లలో చాలావాటికి ఆ మెనూ ఉండదు, లేదా లాక్ చేసి ఉంటుంది.

డౌన్‌లోడ్ ఏదీ నడవకపోయినా బొమ్మ పడిపోతే అనుమానించాల్సింది వైఫైని. మా ఆపరేటర్ కుర్రాడు రౌటర్‌ను గుమ్మం పక్కన, చెప్పుల స్టాండ్ పైన బిగించి వెళ్లాడు, కేబుల్ అక్కడికే సరిపోయిందట. ఇరవై ఫ్లాట్ల అపార్టుమెంటులో 2.4 గిగాహెర్ట్జ్ పరిస్థితి ఘోరం. ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు మూడే: 1, 6, 11. వాటినే అందరూ పంచుకోవాలి. పైగా వైఫైలో పంచుకునేది వేగాన్ని కాదు, గాలిలో సమయాన్ని. చివరి గదిలో అమ్మ పాత ఫోను సిగ్నల్ అందక 13 ఎంబీపీఎస్ లింకు మీద ఉందనుకోండి. అసలు చేతికొచ్చేది అందులో సగమే. ఆమె చూసే ఒకటిన్నర ఎంబీపీఎస్ సీరియల్ కోసం గాలి సమయంలో దాదాపు నాలుగో వంతు పోతుంది, టీవీ ఆ సమయమంతా మాట్లాడకుండా కాచుకోవాలి. సీరియల్ నాణ్యత పెంచితే ఇంకా పోతుంది.

మేం టీవీకి లాన్ కేబుల్ లాగించాం. స్కర్టింగ్ వెంబడి క్లిప్పులు కొట్టించడంతో సహా పని కొన్ని వందల్లో అయిపోయింది. చాలా టీవీల లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌కే పరిమితం, దానికి బాధపడనక్కర్లేదు, 4కెకి ఇరవై చాలు. టీవీ వైఫై నుంచి తప్పుకోవడంతో ఫోన్లకూ గాలి మిగిలింది. ఈ రెండేళ్లలో మేం చేసిన పనులన్నిటిలో డబ్బుకు తగ్గ ఫలితం ఇచ్చింది ఇదే.

తప్పు ఎక్కడుందో చూసుకోవడానికి యూట్యూబ్‌లో Stats for nerds చాలు, టీవీ యాప్‌లో కూడా సెట్టింగ్స్ గుర్తు కింద దొరుకుతుంది. ఒక 4కె వీడియో పెట్టి Connection Speed, Buffer Health అనే రెండు వరసలు చూడండి. వేగం కెబీపీఎస్‌లో ఉంటుంది, 20000 అంటే 20 ఎంబీపీఎస్. వేగం పడిపోతూ బఫర్ సెకన్లు కరిగిపోతుంటే అది నెట్ సమస్య. వేగం 35000 చూపిస్తూ, బఫర్ నిండుగా ఉండి, బొమ్మ మాత్రం 1080pలోనే ఆగిపోతే నెట్‌ను తిట్టి లాభం లేదు: ఆ వీడియోకు 4కె లేదు, లేదా పరికరానికి ఆ కోడెక్ రాదు. ఓటీటీ యాపుల్లో అయితే మీ ప్లానే కారణం కావచ్చు. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె ప్రీమియం ప్లానుకే ఉంది, స్టాండర్డ్ 1080p దగ్గర ఆగిపోతుంది.

రాత్రి తొమ్మిదికే పాడవుతోందా, ఉదయం ఏడుకు బాగుంటోందా? అప్పుడు రౌటర్‌కు లాప్‌టాప్‌ను కేబుల్‌తో తగిలించి, ఇంట్లో మిగతావన్నీ ఆపి, రెండు వేళల్లోనూ fast.com చూడాలి. అది నెట్‌ఫ్లిక్స్ సొంత సర్వర్ల నుంచి కొలుస్తుంది, మామూలు స్పీడ్ టెస్ట్ చాలాసార్లు ఆపరేటర్‌కు దగ్గరి సర్వర్‌తోనే కొలిచి మంచి అంకె చూపిస్తుంది. రాత్రి పూట కేబుల్ మీద కూడా సగానికి పడితే తప్పు ఇంటి బయటది. ఫైబర్ మన ఒక్కరికే వేసింది కాదు. ఇళ్లకు వేసే జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో ఆపరేటర్ దగ్గరి ఒక పోర్టు నుంచి వచ్చే దాదాపు 2.5 జీబీపీఎస్‌ను స్ప్లిటర్లు 32 లేదా 64 ఇళ్లకు పంచుతాయి. 64 ఇళ్లూ ఒకేసారి పూర్తిగా వాడినా ఇంటికి 39 వరకు వస్తుంది, కాబట్టి నొక్కుకుపోయేది ఎక్కువగా అక్కడ కాదు, ఆపరేటర్ పైనుంచి కొన్న బ్యాండ్‌విడ్త్ దగ్గర. మా పాత ఆపరేటర్ దగ్గర ఇదే జరిగేది. రెండు వేళల కొలతల స్క్రీన్‌షాట్లు పంపితే తప్ప "మీ వైఫై ప్రాబ్లమ్ సార్" అన్న మాట మార్చలేదు.

ఇన్ని చేసినా ఒకటి మిగిలింది, లైవ్ మ్యాచ్. సినిమాకైతే యాప్ ముందున్న నిమిషాలను కూడా తెచ్చిపెట్టుకోగలదు, ఇంట్లో ఎవరో అరనిమిషం లైను లాగేసినా తెలియదు. మ్యాచ్‌లో వేయని బంతిని ముందే తెచ్చుకోలేదు. బఫర్ కొన్ని సెకన్లే, అందుకే ఎవరి ఫోనైనా ఫొటోలు బ్యాకప్ మొదలుపెట్టిన చిన్న కుదుపుకు కూడా నాణ్యత దిగిపోతుంది. ఐపీఎల్ రోజుల్లో మావాడి పరిమితిని 15 నుంచి 8కి దించుతున్నాం, ఫోన్లలో బ్యాకప్‌లు అర్ధరాత్రి దాటాక పెట్టుకున్నాం. ఇద్దరు వేర్వేరు టీవీల్లో ఒకేసారి 4కె చూసే ఇల్లయితే 40 చాలదు, 100 తీసుకోండి, ఆ తర్వాత కూడా డౌన్‌లోడర్‌కు కళ్లెం వేయండి. మాలాగా ఒక్క 4కె టీవీ, మిగతావన్నీ ఫోన్లు అయితే 40ని మార్చాల్సిన అవసరం నాకు కనబడలేదు. పోయిన నెల అదే ప్లానుకు రెన్యూవల్ కట్టేశాను.