ఛాతీ 36 అంటుంది, భుజం 38 అంటుంది: రెండు స్విమ్ సూట్లు, రెండు సైజులు, చాలాకాలపు వాడకం

నల్లగొండలో మా ఇంటికి దగ్గరలో ఉన్న ప్రైవేటు ఈతకొలనులో స్త్రీల బ్యాచ్‌కు కొన్నేళ్లుగా వెళ్తున్నాను. అక్కడ నూలు చుడీదార్లతో నీళ్లలోకి దిగనివ్వరు కనుక, మాలో చాలామందిమి మోకాళ్ల వరకు కాళ్లు ఉండే స్విమ్ సూట్లు వేసుకుంటాము. నా దగ్గర అటువంటివి రెండు ఉన్నాయి. మొదటిది నైలాన్ 80 శాతం, స్పాండెక్స్ అనే సాగే పోగు 20 శాతం కలిసిన బట్ట, సైజు 36. రెండోది స్పాండెక్స్ అసలే లేనిది, పాలిస్టర్, పీబీటీ అనే మరో రకం పాలిస్టర్ కలిసిన మిశ్రమం, సైజు 38. రెండూ ఒకే కంపెనీవి, సైజుల పట్టిక కూడా ఒకటే, ఈ మధ్యకాలంలో నా ఒంటి కొలతల్లో చెప్పుకోదగ్గ మార్పూ లేదు. అయినా రెండు వేర్వేరు సైజులు కావాలనే తీసుకున్నాను. అందుకు కారణం నీళ్లలోనూ క్లోరిన్‌లోనూ ఈ రెండు బట్టలు ప్రవర్తించే తీరు.

ముందుగా కొలతల సంగతి చెప్పాలి. దుకాణంలో సైజు అడిగితే అందరూ ఛాతీ కొలతే చెబుతారు. ఒంటికి ఒకే ముక్కగా ఉండే స్విమ్ సూట్‌లో ఇబ్బంది పెట్టేది మాత్రం ఎక్కువగా నిలువు కొలత. భుజం మధ్యభాగం నుంచి టేపును ముందువైపు ఛాతీ మీదుగా కిందికి దించి, కాళ్ల సందు నుంచి వెనక్కు తీసి, వీపు మీదుగా మళ్లీ అదే భుజం దగ్గరికి తెస్తే వచ్చే కొలత అది. ఒక్కరే తీసుకుంటే టేపు వీపు వెనక జారిపోతుంది కాబట్టి ఇంకొకరి సాయం అవసరం. నాకు మా వదిన తీసింది. టేపు ఒంటిని తాకుతూ ఉండాలి గాని బిగించకూడదు. నా ఛాతీ 36.5 అంగుళాలు, పిరుదుల చుట్టుకొలత 39, ఈ నిలువు కొలత 61.5. ఆ కంపెనీ పట్టికలో 36 సైజుకు నిలువు కొలత 59 నుంచి 61 వరకు, 38 సైజుకు 61 నుంచి 63 వరకు ఉంది. అంటే ఛాతీ, పిరుదులు 36లో సరిగ్గా పడుతున్నాయి, నిలువు మాత్రం అర అంగుళం దాటి 38లోకి పోతోంది. రెండు సైజుల మధ్య ఉన్నామని అనుకునేవారిలో చాలామంది పరిస్థితి ఇదేనని నా అభిప్రాయం. వారు రెండు సైజుల మధ్య లేరు, ఒక కొలతలో ఒక సైజు, మరో కొలతలో మరో సైజు.

ప్రకాశం బజారులో నేను అడిగిన దుకాణదారు పట్టిక చూడకుండానే, "నీళ్లల్ల సాగుతదమ్మా, చిన్నదే తీసుకోండి" అన్నాడు. ఆ మాటలో సగం నిజం ఉంది. నైలాన్ కొద్దిగా నీళ్లు పీల్చుకునే పోగు; తడిసినప్పుడు మెత్తబడి, పొడిగా ఉన్నప్పటికంటే సులభంగా సాగుతుంది. దానికి తోడు బట్టలో నిలిచిన నీటి బరువు దాన్ని కిందికి లాగుతుంది. అందువల్ల ఇంట్లో అద్దం ముందు సరిపోయిన సూటు కొలనులో దిగిన కాసేపటికి భుజాల దగ్గర వదులవుతుంది, గోడను తన్ని ముందుకు దూసుకుపోయేటప్పుడు మెడ దగ్గర నోరు తెరిచి నీళ్లు నింపుకుంటుంది. పాలిస్టర్ దాదాపుగా నీళ్లు పీల్చుకోదు. పీబీటీ కూడా పాలిస్టర్ కుటుంబానిదే కాబట్టి ఈ మిశ్రమం తడిసినా పొడిగా ఉన్నప్పటిలాగే ఉంటుంది. దుకాణదారు సలహా నా మొదటి సూటుకు సరిపోయేదే గాని రెండోదానికి పనికొచ్చేది కాదు.

నీళ్ల వల్ల వచ్చే వదులు, క్లోరిన్ వల్ల వచ్చే వదులు ఒకటి కావు. తడివల్ల మెత్తబడిన నైలాన్ ఆరిన తరువాత తిరిగి మామూలు స్థితికి వస్తుంది. క్లోరిన్ చేసే హాని మాత్రం మళ్లీ సరికాదు. సాగిన బట్టను వెనక్కు లాగే పని నైలాన్‌ది కాదు, దానిలో అల్లిన స్పాండెక్స్ పోగులది. నీళ్లలోని చురుకైన క్లోరిన్ ఆ పోగుల అణువుల గొలుసులను కొద్దికొద్దిగా తెంచుతూ పోతుంది. బట్ట అప్పటికీ సాగుతుంది, కాకపోతే వెనక్కు రాదు. పీబీటీలో సాగే గుణం ఆ పోగు స్వభావం నుంచి, దాన్ని మెలికలు తిప్పి తయారుచేసిన తీరు నుంచి వస్తుంది గాని స్పాండెక్స్ నుంచి కాదు; అందుకే క్లోరిన్‌కు అక్కడ తెంచడానికి పెద్దగా దొరికేదేమీ లేదు. స్పాండెక్స్‌లోనూ క్లోరిన్‌ను తట్టుకునే రకాలు ఉన్నాయి, అవి సాధారణ రకం కంటే చాలా ఎక్కువ కాలం నిలుస్తాయి. లోపలి లేబుల్ మీద ఆ మాట ప్రత్యేకంగా రాసి లేకపోతే సాధారణ రకమే అనుకోవడం మంచిది.

క్లోరిన్ మాట ఊహతో చెబుతున్నది కాదు. నా నైలాన్ సూటు కొన్నప్పుడే మా వదిన కూడా అదే రకం, అదే రంగు తీసుకుంది. ఆమె ఈత కొట్టేది దేవరకొండ వైపు వాళ్ల పుట్టింటి వ్యవసాయ బావిలో. ఆ బావిలో క్లోరిన్ ఉండదు. ఆమె సూటుకు పాచి మరకలు అంటాయి, మెట్ల రాళ్లకు రాసుకుని ఒకచోట నూలు కూడా లేచింది, అయినా తొడ దగ్గరి పట్టు ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంది. నా సూటు తొడ అంచును పొడిగా ఉన్నప్పుడు బల్ల మీద పరిచి అడ్డంగా కొలిస్తే కొత్తలో 8.5 అంగుళాలు ఉండేది. రెండో వేసవి ముగిసేసరికి 9.25 అయింది. పిరుదుల మీది బట్ట ఇంకా ఎక్కువగా వదిలింది, ఎందుకంటే కూర్చున్నప్పుడు, వంగినప్పుడు అన్నిటికంటే ఎక్కువ సాగే భాగం అదే, కొలను గట్టు గరుకుకు రాసుకునేదీ అదే. కొలనుల నీటిలో సాధారణంగా లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంచుతారు. మా కొలను పైకప్పు లేనిది. ఎండకు క్లోరిన్ త్వరగా విరిగిపోతుంది కనుక నల్లగొండ ఎండల్లో నిర్వాహకులు రాత్రిపూట మందు వేసి, పొద్దున్నకు మోతాదు సరిచూస్తారు. పొద్దుటి మొదటి బ్యాచ్ కంటే సాయంత్రం బ్యాచ్‌లో బట్టకు తగిలే క్లోరిన్ తక్కువగా ఉండటానికి అవకాశం ఉంది. దాని కోసం సమయం మార్చుకోవాలని నేను అనను. పొద్దున నీళ్ల చల్లదనం ముందు సూటు ధర ఏపాటిది!

ఇక సైజు ఎంచుకున్న విధానం. నైలాన్ సూటులో 36, 38 రెండూ తెప్పించి, లోదుస్తుల పైన, లోపల అంటించిన ప్లాస్టిక్ పట్టీ తీయకుండా వేసి చూశాను. ఆ పట్టీ తీసినా, బట్టను తడిపినా సాధారణంగా వెనక్కు తీసుకోరు కాబట్టి నీళ్లలో ఎలా ఉంటుందో పొడిగా ఉన్నప్పుడే అంచనా వేయాలి. చేతులు రెండూ పైకెత్తి, ఆపైన నడుము దగ్గర పూర్తిగా వంగి చూడాలి. 36లో చేతులెత్తినప్పుడు భుజాల మీద లాగుతున్నట్టు తెలిసింది గాని, భుజం పట్టీ కింద రెండు వేళ్లు దూరి, ఆ పట్టీ అంగుళం ఎత్తు లేచింది. చర్మం మీద గీత పడలేదు. 38లో ఏ లాగుడూ లేదు, కాని నడుము వెనక బట్ట రెండు వేళ్ల మధ్యకు మడతగా వచ్చింది, వంగినప్పుడు మెడ దగ్గర ఖాళీ కనబడింది. పొడిగా ఉన్నప్పుడే మడత పట్టగలిగిన నైలాన్ బట్ట తడిసిన తరువాత సంచిలా నీళ్లు మోస్తుంది. నిలువులో అర అంగుళం తేడాను తడిసిన నైలాన్ తనంతట తానే సర్దుకుంటుందని 36 ఉంచుకున్నాను, కొద్ది రోజుల్లోనే అలాగే సర్దుకుంది. అదే తేడా అంగుళం దాటి ఉంటే 38 తీసుకుని ఉండేదాన్ని. ఎందుకంటే భుజాన్ని కోసే సూటును ఎవరూ ఎక్కువసేపు వేసుకోలేరు, పైగా ఎప్పుడూ లాగి ఉంచిన స్పాండెక్స్ పోగు క్లోరిన్‌కు ఇంకా త్వరగా లొంగుతుంది. బిగుతుగా కొంటే ఎక్కువ కాలం వస్తుందన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది.

పాలిస్టర్, పీబీటీ సూటులో అదే పరీక్ష వేరే ఫలితం ఇచ్చింది. 36 వేసుకుని చేతులెత్తగానే తొడ అంచులు పైకి జరిగాయి, కాసేపు నడిచి విప్పితే భుజాల మీద ఎర్రటి గీతలు ఉన్నాయి. ఈ బట్ట వాడకంతో వదులవుతుందని ఎదురుచూడటానికి వీల్లేదు. మొదటి రోజు ఎలా ఉందో చాలాకాలం అలాగే ఉంటుంది. అందుకని 38 తీసుకున్నాను. నడుము దగ్గర కొంచెం వదులు ఉన్నమాట నిజమే, కాని అది నైలాన్‌లోలాగా నీళ్లలో పెరగలేదు. తాకితే గరుకుగా, వేసుకునేటప్పుడు మొండిగా ఉండటం దీని లోపం. మెత్తదనం కోరుకునేవారికి నచ్చకపోవచ్చు. నైలాన్ సూటు కంటే ఎక్కువ వాడినా దీని తొడ అంచు కొలత టేపు మీద గుర్తించదగినంతగా మారలేదు. రంగు మాత్రం భుజాల మీద కాస్త వెలిసింది, అందులో ఎండ పాత్ర కూడా ఉండవచ్చు.

పిల్లల విషయంలో ఒక మాట. వచ్చే ఏడాదికి కూడా వస్తుందని ఒక సైజు పెద్దది కొనడం యూనిఫారానికి చెల్లుతుంది గాని నైలాన్ స్విమ్ సూటుకు చెల్లదు. అది నీళ్లలో జారుతుంది, ఏడాది తిరిగేసరికి స్పాండెక్స్ కూడా అలసిపోతుంది. మగవాళ్ల మోకాలి నిక్కర్లకు నడుము దగ్గర తాడు ఉంటుంది కాబట్టి అక్కడ పొరపాటు సర్దుకోవడం తేలిక.

సంరక్షణలో నేను మానకుండా చేసేది ఒక్కటే: కొలను నుంచి రాగానే, ఇంటికి రాకముందే, అక్కడి కుళాయి కింద మంచినీళ్లతో సూటును బాగా తడిపి క్లోరిన్ పోగొట్టడం. తడి సూటును ప్లాస్టిక్ కవరులో చుట్టి సాయంత్రందాకా స్కూటర్ డిక్కీలో వదిలేస్తే క్లోరిన్, వేడి రెండూ కలిసి బట్టకు ఇంకా నష్టం చేస్తాయి. మెలిపెట్టి పిండకుండా తువాలులో ఒత్తి నీడన ఆరేయాలి. మే నెలలో డాబా మీద ఎండకు వేయడం స్పాండెక్స్‌కు ఇంకా హాని.

సూటు పనికిరాని స్థితికి వచ్చిందో లేదో తెలుసుకోవడానికి పిరుదుల మీది బట్టను రెండు చేతులతో ఒకటిన్నర రెట్లు సాగదీసి వదులుతాను. కొత్త బట్ట టక్కున వెనక్కు వస్తుంది. అలసినది నెమ్మదిగా వచ్చి అలలు అలలుగా ఉండిపోతుంది. కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే పలచబడిన చోట్లు, తెగి పైకి లేచిన సన్నటి తెల్లని పోగులు కనిపిస్తాయి. తడిసినప్పుడు అక్కడ ఒళ్లు కనబడే ప్రమాదం ఉంది కనుక, తొడ అంచులు ఇంకా పట్టుతో ఉన్నా నేను ఆ నైలాన్ సూటును ఇప్పుడు కొలనుకు వేసుకోవడం లేదు. దాని స్థానంలో మళ్లీ నైలానే కొంటే 36 తీసుకుంటాను. కాని వారంలో ఎక్కువ రోజులు ఈదే అలవాటు ఉన్నంతకాలం పీబీటీలో 38నే మళ్లీ కొనాలన్నది ప్రస్తుతానికి నా ఆలోచన.