‘రేపటికి’ అన్న గడి: పదకొండు నెలల రాత్రి భోజనాల పట్టిక

మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. అందులో ఐదు వరసలు, వరసకు రెండు గడులు. ఎడమ గడిలో ఆ రాత్రి ఏం వండాలో రాసి ఉంటుంది. కుడి గడి పేరు ‘రేపటికి’. వారం మెనూ రాసుకోవడం కొత్త సంగతేమీ కాదు కాబట్టి ఎడమ గడి గురించి పెద్దగా చెప్పను. నా ప్రాణమంతా ఆ కుడి గడి మీదే. పదకొండు నెలలుగా మా ఇద్దరి రాత్రి భోజనాన్ని నిలబెడుతున్నది అదే.

ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. ఏడున్నర ప్రాంతంలో ఇల్లు చేరతాం. శని, ఆదివారాల్లో వండం, చాలాసార్లు ఇంట్లోనే ఉండం. అందుకని ఆదివారం కూర్చుని వారానికి సరిపడా తరిగి, ఉడకబెట్టి, డబ్బాల్లో సర్దుకోమనే సలహా మాకు ఎప్పుడూ పనికి రాలేదు. పైగా శాకాహారంలో ఒక చిక్కు ఉంది. కడుపు నిండా తిన్నట్టు అనిపించే శనగలు, రాజ్మా లాంటివన్నీ ముందు రోజే తలుచుకోవలసినవి. సాయంత్రం ఏడున్నరకి శనగలు గుర్తొస్తే ఏం లాభం? ఈ కాగితం రాకముందు మా ఇంట్లో వారానికి మూడు రాత్రులు బంగాళాదుంపల వేపుడే.

కుడి గడి చేసే పని చిన్నది. ఈ రాత్రి వంటగదిలో ఉన్నప్పుడే రేపటి వంటకి కావలసిన ఒక్క పని చేసి పడుకోవాలి. ఒక్కటే, రెండు కాదు.

మా మామూలు వారం ఇలా ఉంటుంది. మొదటి రాత్రి పాలకూర వేసిన మసూర్ పప్పు, అన్నం. మసూర్ పప్పుని నానబెట్టక్కర్లేదు, ఇరవై నిమిషాల్లో ఉడికిపోతుంది. ముందు రాత్రి వంటగదిలో ఎవరూ లేరు కాబట్టి వారం దానితోనే మొదలుకావాలి. పాలకూర కూడా మొదటి రాత్రే అయిపోవాలి, ఎందుకంటే నాలుగో రోజుకి అది వాడిపోయి జిగటగా అవుతుంది. ఆ రాత్రి కుడి గడిలో ‘పావుకిలో తెల్ల శనగలు నానబెట్టాలి’ అని ఉంటుంది.

రెండో రాత్రి ఆ శనగలన్నీ కుక్కర్‌లోకి వెళ్తాయి. ఆవిరి పట్టాక సన్నటి మంట మీద ఇరవై నిమిషాలు ఉంచి, ఆవిరి దానంతటదే పోయేదాకా ఆగుతాను. ఒక గింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే లోపల గట్టి పలుకు తగలకుండా మెత్తగా నలగాలి. పలుకు తగిలితే ఇంకో ఐదు నిమిషాలు. అప్పుడు సగం తీసి, ఉడికిన నీళ్లతో సహా గాజు డబ్బాలో పోస్తాను. మిగిలిన సగం టమాటా, ఉల్లిపాయలతో కూర అవుతుంది. డబ్బాలో ఉన్నది మూడో రాత్రి క్యాబేజీ కూరలోకి పోతుంది. ఆ మూడో రాత్రి అన్నం రెట్టింపు వండి, నాలుగో రాత్రి దాన్ని క్యారెట్, బీన్స్, పనీర్ వేసి వేయిస్తాం. ఐదో రాత్రి గుమ్మడికాయ సూప్, బ్రెడ్, ఇంకా మిగిలిన కూరగాయలేవైనా ఉంటే అవి. ఆ రోజు కుడి గడిలో ఒక గీత మాత్రం ఉంటుంది.

సగం శనగలు టమాటా వేయకముందే తీయడానికి ఒక కారణం ఉంది. మొదట్లో టైమ్ కలిసొస్తుందని, సరిగ్గా ఉడకని శనగల్లోనే టమాటాలు పోసేశాను. పులుపు తగిలిందంటే గింజ మెత్తబడడం బాగా నెమ్మదిస్తుంది. ఆ రాత్రి ఇంకో ముప్పావు గంట మంట మీద ఉంచినా తొక్కలు తొక్కల్లాగే ఉన్నాయి. అప్పటి నుంచి వేలితో నొక్కి చూడందే పులుపు జోలికి పోను.

ఇదంతా రెండు నెలలు గడియారంలా నడిచింది. ఆ ఊపులో ఆఫీసులో కనిపించిన వాళ్లందరికీ ఈ కాగితం గురించి చెప్పాను. తర్వాత ఎండాకాలంలో ఒక వారం మొత్తం దెబ్బతింది.

సోమవారం రాత్రి ఎప్పటిలాగే శనగలు నానబెట్టి, గిన్నె గట్టు మీదే ఉంచాను. మంగళవారం ఇద్దరికీ ఆఫీసులో ఆలస్యమైంది. ఇంటికొచ్చేసరికి పదిన్నర. అరటిపండు, బ్రెడ్ తిని పడుకున్నాం. గిన్నె వైపు ఇద్దరిలో ఎవరూ చూడలేదు. బుధవారం సాయంత్రం మూత తీస్తే నీళ్ల మీద తెల్లటి నురగ, పుల్లటి వాసన. చేయి పెడితే గింజలు జారిపోతున్నాయి. “కడిగి గట్టిగా ఉడకబెడితే సరిపోదా?” అన్నారు మావారు. ఆయన బాధ నాకు అర్థమైంది, పావుకిలో శనగలు పారేయడానికి ఎవరికి మనసొస్తుంది? కానీ నానిన గింజల్లో నీళ్లూ ఉంటాయి, సూక్ష్మజీవులకు కావలసిన ఆహారమూ ఉంటుంది. వేడి వంటగదిలో రెండు రోజులు అలా ఉంటే అక్కడ ఏం పెరిగిందో మనకు కనిపించదు, ఉడకబెట్టినంత మాత్రాన అన్నీ పోతాయన్న భరోసా కూడా లేదు. పారేశాం.

శనగలు పోయినందుకు కాదు నాకు అంత కష్టమనిపించింది. ఆ గిన్నెతో పాటు బుధవారం వంటా పోయింది, గురువారం క్యాబేజీ కూరలోకి రావలసిన సగమూ పోయింది. ఒక్క రాత్రి తప్పితే రెండు భోజనాలు కూలాయి. నేను అంతగా మెచ్చుకున్న కుడి గడే ఈ పట్టికలో అన్నిటికన్నా బలహీనమైన చోటని ఆ రోజు అర్థమైంది. రేపు తప్పకుండా వండుతామన్న నమ్మకం మీద అది నడుస్తుంది. ఉద్యోగాలు చేసేవాళ్లకి ఆ నమ్మకం వారానికి ఒకసారైనా వమ్మవుతుంది.

ఆ తర్వాత మూడు మార్పులు చేశాను. మొదటిది, సోమ, మంగళ అని రాయడం మానేసి ఒకటో వంట, రెండో వంట అని రాయడం మొదలుపెట్టాను. ఒక రాత్రి వండకపోతే మిగతావి ఒక్కో రోజు వెనక్కి జరుగుతాయి, ఐదో వంట అవసరమైతే ఎగిరిపోతుంది. గుమ్మడికాయని అందుకే చివర పెట్టాను. కోయకుండా ఉంచితే అది వారాల తరబడి ఆగుతుంది. రెండోది, నానే గిన్నె రాత్రే ఫ్రిజ్‌లోకి వెళ్తుంది. చల్లదనంలో నానడం నెమ్మదిగా సాగుతుంది కానీ, మర్నాడు సాయంత్రానికి దాదాపు ఇరవై గంటలు అవుతాయి కాబట్టి సరిపోతుంది. ఆ సాయంత్రం వండడం కుదరదని తెలిస్తే నీళ్లు వంపేసి, గింజల్ని సంచిలో వేసి ఫ్రీజర్‌లో పెట్టేస్తాం. తర్వాత వాటిని అలాగే తీసి కుక్కర్‌లో వేయొచ్చు.

మూడోది ఫ్రీజర్ డబ్బా. నెలకోసారి రెండో వంట కోసం అరకిలో శనగలు నానబెట్టి, ఉడికాక సగం ఫ్రీజర్‌కి పంపిస్తాను. డబ్బా మీద టేపు అంటించి తేదీ రాస్తాను. గొలుసు తెగిన రాత్రి ఆ డబ్బా, లేదంటే మసూర్ పప్పు. మసూర్ పప్పు మాత్రం ఇంట్లో ఎప్పుడూ లెక్కకి మించి ఒక పొట్లం ఎక్కువే ఉంటుంది.

అన్నం గొలుసుకి మాత్రం ఇలాంటి మందు దొరకలేదు. ఉడికిన శనగలు ఫ్రిజ్‌లో మూడు రోజులు ఆగుతాయి, అన్నాన్ని అలా వదలకూడదు. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి బయట ఉంటే అవి మళ్లీ పెరిగి విషాన్ని వదులుతాయి. తర్వాత ఎంత వేయించినా ఆ విషం పోదు. అందుకని రెట్టింపు వండిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరిచి, గంటలోపు ఫ్రిజ్‌లో పెడతాను. మర్నాటి రాత్రి తింటాం. ఆ రాత్రి కుదరకపోతే పారేస్తాం. అది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయమే. గురువారం ఆలస్యమవుతుందని ముందే తెలిస్తే కుడి గడిలో అన్నం కొట్టేస్తాను.

పొద్దున రాజ్మా వేసి వెళ్తే సాయంత్రానికి ఉడికి ఉంటుంది కదా, నెమ్మదిగా ఉడికించే ఎలక్ట్రిక్ కుక్కర్ కొనుక్కోండి అని ఆఫీసులో ఒకావిడ చెప్పారు. వినడానికి మాలాంటి వాళ్ల కోసమే చేసినట్టుంటుంది. కానీ పచ్చి రాజ్మాలో వాంతులు, విరేచనాలు తెప్పించే పదార్థం ఒకటి ఉంది. గట్టిగా మరిగితేనే అది పోతుంది. ఆ కుక్కర్ వేడి చాలాసార్లు అంతవరకు వెళ్లదు. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లే మరుగు మీద ఉడికించాకే అందులో వేయాలి. పొద్దున ఆఫీసు హడావిడిలో ఆ పది నిమిషాలు మాకు కుదరవు. అందుకని మా రాజ్మా రాత్రి ప్రెషర్ కుక్కర్‌లోనే ఉడుకుతుంది, శనగల బదులు, రెండు వారాలకోసారి.

ఈ పట్టికతో రోజూ గంట మిగులుతుందని మొదట్లో చాలామందికి చెప్పాను. అది సరిదిద్దుకోవాలి. రెండో వంట రాత్రి మాకు ముందుకన్నా ఎక్కువసేపే పడుతుంది, తొమ్మిదికి గానీ తినం. కలిసొచ్చేది మూడో, నాలుగో రాత్రుల్లో. అంతకన్నా ఎక్కువగా కలిసొచ్చింది తలుపు తీస్తూనే “ఈ రాత్రి ఏం చేద్దాం?” అని ఒకరినొకరు అడుక్కునే ఆ పావుగంట. ఇద్దరం అలసిపోయి, ఆకలి మీద ఉన్నప్పుడు ఆ ప్రశ్న దగ్గరే మా మాటలు పెరిగేవి. ఇప్పుడు చెప్పులు విప్పుతూనే ఒకరు కాగితం వైపు వెళ్తారు, ఇంకొకరు కుక్కర్ తీస్తారు.

మేం ఇద్దరమే, మధ్యాహ్నం భోజనం ఆఫీసుల్లోనే అయిపోతుంది, ఫ్రిజ్‌లో చోటుంది, ఫ్రీజర్ పని చేస్తుంది. పిల్లలున్న ఇంట్లో, కరెంటు తరచూ పోయే చోట, వరసగా రెండు రాత్రులు ఒకే గింజ తినలేని వాళ్లకి ఈ ఏర్పాటు నేను చెప్పినంత హాయిగా ఉండదు. మా ఇంట్లోనూ మారుతోంది. వచ్చే నెల నుంచి మావారు గురువారాలు తొమ్మిదిన్నర దాటాకే వస్తారు. కొత్త కాగితం మీద నాలుగు వరసలే గీశాను, నాలుగో వంట రెట్టింపు అన్నం అడగని గుమ్మడికాయ సూప్. గురువారానికి ఫ్రీజర్ డబ్బా. కుడి గడిని మాత్రం ఇంకాస్త వెడల్పు చేశాను, నానబెట్టిన టైమ్ కూడా అందులో రాయడానికి.