తుపాకీ పేలే ముందరి నిశ్శబ్దం: లియోనీ సినిమాల మూడ్ ఏ గేమ్‌లో దొరుకుతుంది?

కృష్ణగారి 'మోసగాళ్లకు మోసగాడు' (1971) 2023లో మళ్లీ థియేటర్లకు వచ్చింది. అప్పటి నుంచి అనంతపురంలో తెలిసినవాళ్లు చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు: "అన్నా, ఆ ఇటలీ కౌబాయ్ సినిమాల ఫీల్ ఉండే గేమ్ ఏది? రెడ్ డెడ్ రిడెంప్షన్ ఒకటా, రెండా?" ఇన్నాళ్లూ "రెండు" అని చెప్పి ఊరుకునేవాణ్ని. ఈ ఎండాకాలం ఆ ఇటలీ కౌబాయ్ సినిమాల దర్శకుడు సెర్జియో లియోనీ సినిమాలన్నీ వరసగా మళ్లీ చూసి, వెంటనే ఆ గేమ్‌లు ఆడాక నా జవాబు మారింది.

'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' (1968) మొదటి సీన్ గుర్తు తెచ్చుకోండి. ఎడారిలో ఒక రైల్వే స్టేషన్, ముగ్గురు మనుషులు. గాలిమర కిర్రుమంటూ ఉంటుంది. ఒకడి టోపీ మీద పైనుంచి నీటి చుక్కలు పడుతుంటాయి. ఇంకొకడి ముఖం మీద ఈగ వాలుతుంది. సంగీతం లేదు, మాటలూ దాదాపు లేవు. అలా నిమిషాల తరబడి సాగి, రైలు వచ్చి వెళ్లాక కాల్పులు రెండు మూడు సెకన్లలో అయిపోతాయి. చిన్నప్పుడు గుత్తి జంక్షన్‌లో మిట్టమధ్యాహ్నం ప్యాసింజర్ కోసం వేపచెట్టు కింద కూర్చున్నవాడికి ఆ ఎదురుచూపు ఎవరూ వివరించక్కర్లేదు. ఒళ్లంతా చెవులైపోతుంది.

అందుకే నా కొలబద్ద ఇది: నిరీక్షణ ఎంత, కాల్పులు ఎంత? లియోనీలో మొదటిది చాలా ఎక్కువ, రెండోది చాలా తక్కువ. గుర్రం, టోపీ, ఎడారి ఉన్నంత మాత్రాన ఆ మూడ్ రాదు.

ఈ లెక్కన 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' (2018) వెనకబడుతుంది. ఆ గేమ్ నాకు ప్రాణం. 1899లో ఒక ముఠా చెదిరిపోవడం, ఆర్థర్ మోర్గాన్ తన బతుకుని తానే వెనక్కి తిరిగి చూసుకోవడం అంత బాగా చెప్పిన గేమ్ ఇంకొకటి లేదంటాను. కానీ అది 'ది వైల్డ్ బంచ్' (1969) లాంటి సినిమాల దుఃఖం, ఒక కాలం ముగిసిపోతుంటే మిగిలిన మనుషుల దుఃఖం. పైగా గుర్రం ఎక్కిన దగ్గర్నుంచి పక్కవాడు మాట్లాడుతూనే ఉంటాడు. నెమ్మది ఉంది, నిజమే. జింక చర్మం ఒలవడం, గుర్రాన్ని తోమడం, సొరుగు తెరిచి ఒక్కో వస్తువూ తీసుకోవడం అన్నీ నెమ్మదే. అయితే అది పనిలో ఉండే నెమ్మది. తుపాకీ తీసే ముందు ఉండాల్సిన నెమ్మది అందులో లేదు. కాల్పులు మొదలైతే ఒక మిషన్‌లోనే ఇరవై ముప్పై మంది పడిపోతారు.

మొదటి 'రెడ్ డెడ్ రిడెంప్షన్' (2010) లియోనీకి ఇంకా దగ్గర. 1911 నాటి కథ, ఎండిపోయిన నేల, ముక్తసరిగా మాట్లాడే జాన్ మార్స్టన్. జాన్ నది దాటి మెక్సికోలో అడుగుపెట్టి గుర్రం ఎక్కగానే హోసే గొంజాలెజ్ పాడిన పాట ఒకటి మొదలవుతుంది. ఆ కాసేపు ఎవరూ మనల్ని ఏ పనీ చెయ్యమనరు, దారి వెంట పోతూ ఉంటామంతే. మిగతా సంగీతాన్ని దాదాపు ఒకే శృతిలో, ఒకే వేగంలో రికార్డు చేసి ముక్కలుగా పెట్టుకున్నారు. అందుకే మనం నడిచినా, పరుగెత్తినా, తుపాకీ తీసినా ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి అతుకు తెలియకుండా జారిపోతుంది. లియోనీ దగ్గర ఇది తిరగబడి ఉంటుంది. 'వన్స్ అపాన్ ఎ టైమ్...'కి సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోనే ట్యూన్లు షూటింగ్‌కి ముందే కట్టేశాడు, సెట్‌లో అవి వినిపిస్తుంటే నటులు వాటికి తగ్గట్టు కదిలారు. గేమ్‌లో సంగీతం మన వెనక నడుస్తుంది, సినిమాలో మనిషి సంగీతం వెనక నడుస్తాడు.

అసలు తేడా డ్యుయల్‌లో బయటపడుతుంది. రెడ్ డెడ్‌లో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డాక, తుపాకీ తీస్తే కాలం నెమ్మదిస్తుంది. గురి పెట్టడానికి మనకు దొరికే వెసులుబాటు అది. లియోనీ కాలాన్ని సాగదీసేది తుపాకీ తీసే ముందు. కళ్లు, చేతి వేళ్లు, మళ్లీ కళ్లు. తీశాక ఒక్క క్షణమే. గేమ్ ఆ సాగదీతను తీసుకుంది గానీ తప్పు చోట పెట్టింది. అందుకే ఎన్ని డ్యుయల్స్ గెలిచినా నాకు గొంతు ఎండలేదు.

గొంతు ఎండింది 'హంట్: షోడౌన్'లో. పైకి చూస్తే అది హారర్ గేమ్: 1890ల లూసియానా బురదనేలలు, రాక్షసులు, ఆన్‌లైన్‌లో పన్నెండు మంది దాకా ఆటగాళ్లు. నేను చాలాకాలం పట్టించుకోలేదు. తాడిపత్రిలో ఉండే మా బావ పట్టుబట్టి ఆడించాడు.

అందులో ప్రతి చప్పుడూ మనల్ని పట్టిస్తుంది. దగ్గరికి వెళ్తే కాకులు లేస్తాయి, బోనులో కుక్కలు మొరుగుతాయి, పగిలిన గాజు కాలి కింద కరకరమంటుంది. మ్యాచ్‌లో ఎక్కువసేపు సంగీతమే ఉండదు. రాక్షసుణ్ని చంపి బహిష్కరించే తంతు మొదలుపెడితే ఆ చోటు మ్యాప్ మీద అందరికీ కనబడుతుంది. ఇక లోపల మనం, బయట వాళ్లు. మనం తలుపు దాటాలి, వాళ్లకు మన చేతిలో ఉన్న బహుమానం కావాలి. ఎవరు ముందు కదిలితే వాళ్లు దొరికిపోతారు.

పోయిన నెల ఒక రాత్రి మేమిద్దరం ఒక కొట్టంలో చిక్కుకున్నాం. నా చేతిలో స్పార్క్స్ రైఫిల్. ఒక్కసారికి ఒకటే తూటా, మళ్లీ నింపడానికి కొన్ని సెకన్లు పడుతుంది. పూర్తి ప్రాణం 150 అయితే ఛాతీ మీద దాని దెబ్బ 149. అంటే తలకి తగిలితే చచ్చాడు, ఛాతీకి తగిలితే ఒక్క పాయింట్‌తో బతికిపోయి మనల్ని కాలుస్తాడు. "బావా, కదలాకు. కిటికీ పక్క కాకులు లేసినాయి" అన్నాడు మా బావ గుసగుసగా. అది గేమ్ అని, తన మాట బయటివాళ్లకు పోదని తెలిసి కూడా గొంతు తగ్గించాడు. ఐదారు నిమిషాలు పలకల సందులోంచి ఒక గడ్డివామునే చూస్తూ కూర్చున్నాను. టోపీ అంచు కనబడింది, కాల్చాను, అయిపోయింది. ఆ స్టేషన్ సీన్‌కి ఇంత దగ్గరగా ఇంకే గేమ్‌లోనూ నాకు అనిపించలేదు.

దానికి లోపాలున్నాయి. నెట్ లేనిదే ఆడలేం. సినిమాలాంటి కథ ఉండదు. నెట్ ఊగిసలాడితే ఆ క్షణానికి విలువే ఉండదు, ఎందుకంటే మనం చూసిన టోపీ అప్పటికే అక్కడ ఉండదు. కొత్తవాళ్లు మొదటి పది మ్యాచ్‌లు వరసగా చస్తారు, అదీ తమను ఎవరు కాల్చారో తెలియకుండా.

'కాల్ ఆఫ్ వారెజ్: గన్‌స్లింగర్' (2013) చిన్నది, సరదాగా ఉంటుంది. డ్యుయల్‌లో చేతిని తుపాకీ దగ్గర నిలపాల్సి రావడం బాగుంది, కానీ మిగతాదంతా పరుగే. 'డెస్పరాడోస్ 3' (2020) పైనుంచి చూస్తూ ఎత్తులు వేసే ఆట, దాని రుచి వేరు.

ఒంటరిగా ఆడేవాళ్లు, నెట్ మీద నమ్మకం లేనివాళ్లు మొదటి రెడ్ డెడ్ తీసుకోండి. 2024 అక్టోబర్ నుంచి పీసీలోనూ ఉంది, 12 జీబీ చోటు చాలు. రెండోదానికి 150 జీబీ కావాలి. తోడు ఒకరుంటే మాత్రం హంట్. హెడ్‌ఫోన్ పెట్టుకోండి, ఫ్యాన్ స్పీడు తగ్గించండి, మొదటి కొన్ని మ్యాచ్‌ల్లో అసలు కాల్చకుండా ఒక పొద చాటున కూర్చుని కాకులు ఎటు వైపు లేస్తున్నాయో వినండి.